తెల్లగుడ్డ కప్పిన అద్దం

నిడుబ్రోలు రైల్వే స్టేషనుకు వెళ్ళే దారిలో వెంకటేశ్వర్లు క్షౌరశాల ఉంది. అందులో రెండు తిరిగే కుర్చీలు, వచ్చినవారు కూర్చోవడానికి ఒక చెక్కబల్ల, ఎదురెదురు గోడలకు రెండు పొడవాటి అద్దాలు తప్ప మరేమీ పట్టవు. మంగళవారం దుకాణానికి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అతడు సగం షట్టరు పైకెత్తి, వారం రోజుల దుమ్ము దులిపి, పాత వార్తాపత్రికను నీళ్ళతో తడిపి అద్దాలు తుడుస్తాడు. జూన్ నెలాఖరులో వచ్చిన ఒక మంగళవారం నాడు అతని వెంట కొడుకు రమణ కూడా దుకాణానికి వచ్చాడు.

రమణకు పదకొండేళ్ళు. ఐదో తరగతి వరకు తమ వీధి చివరి ప్రాథమిక పాఠశాలలో చదివి, ఈ ఏడు ఆరో తరగతికి హైస్కూలులో చేరవలసినవాడు. బడులు తెరిచిన జూన్ 12వ తేదీకి సరిగ్గా రెండు రోజుల ముందు వాడికి ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా పొక్కులు లేచి, వేపమండల పక్క మీద పడుకొని, దురద పెట్టిన చోటల్లా వేపరెమ్మతోనే రాసుకుంటూ వాడు బడి తెరిచిన సందడినంతా ఇంట్లోనే గడిపాడు. పొక్కులన్నీ మాడి పెచ్చులు కట్టేదాకా పిల్లల మధ్యకు పంపవద్దని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. పెచ్చులు రాలిపోయి, వేపాకు మరిగించిన నీళ్ళతో తలంటు పూర్తయ్యేసరికి పదిహేను రోజులు దాటాయి. రేపు బుధవారం వాడు బడికి వెళ్ళాలి.

పక్కింటి లక్ష్మి కూడా అదే తరగతిలో చేరింది. ఆ పిల్ల రోజూ సాయంత్రం కిటికీ అవతల నిలబడి బడి కబుర్లన్నీ చెప్పేది. క్లాస్ టీచరు కొత్తగా బదిలీ మీద వచ్చాడనీ, లెక్కలు చెబుతాడనీ, తరగతిలో మొత్తం 41 మంది ఉన్నారనీ, సారు నవ్వగా తాము ఇంతవరకు చూడలేదనీ చెప్పింది. చివరగా ఒక మాట అన్నది. "నువ్వు రాగానే ద్వారం దగ్గర ఆగి సారుకు విష్ చెయ్యాలి. చెయ్యకుండా లోపలికి వస్తే మళ్ళీ బయటికి పంపిస్తాడు."

ఆ మాట విన్నప్పటి నుంచి రమణకు అన్నం సరిగా సహించలేదు. సారుకు నమస్కరించడం తెలియనివాడు కాదు. ఐదేళ్ళుగా ప్రతి ఉదయం లేచి నిలబడి 'గుడ్ మార్నింగ్ టీచర్' అని చెప్పినవాడే. కాని ఆ మాటను వాడు ఒక్కడే ఎప్పుడూ చెప్పలేదు. మన బడులలో పిల్లలందరూ కలిసి చెప్పే ఆ పలకరింపుకు ఒక రాగం ఉంటుంది. మొదటి మాట సాగుతుంది, రెండో మాట ఊగుతుంది, మూడో మాట మెల్లగా కిందికి దిగుతుంది. ఆ రాగంలో పడిన తరువాత ఏ పిల్లవాడికీ తన గొంతు తనకు విడిగా వినిపించదు. రమణ అయితే చాలా రోజులు పెదవులు మాత్రమే కదిపేవాడు. ఇది తప్పని వాడికి తోచలేదు, ఎవరూ పట్టుకోనూ లేదు.

కత్తెరలు సాన పట్టించుకొని వస్తానని చెప్పి తండ్రి బయలుదేరాడు. ఆ సమయం కోసమే ఎదురుచూస్తున్న రమణ కుర్చీని పక్కకు తిప్పి అద్దం ముందు నిలబడ్డాడు. చిన్నప్పుడు ఈ కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద కూర్చోబెట్టి నాన్న వాడికి క్రాపు చేసేవాడు. ఇప్పుడు ఆ చెక్క అవసరం తీరిపోయి మూలన పడి ఉంది. నిలబడితే అద్దంలో వాడి ముఖమూ భుజాలూ కనిపిస్తున్నాయి. నుదుటి మీద రెండు, ఎడమ చెంప మీద ఒకటి, ముక్కు పక్కన ఒకటి, పెచ్చులు రాలిన చోట గులాబీ రంగు మచ్చలు ఉన్నాయి. కొంతసేపు వాడు నమస్కారం సంగతి మరిచి ఆ మచ్చలనే చూశాడు. పటికరాయి తీసి నీళ్ళలో తడిపి చెంప మీద రుద్దుకున్నాడు. గెడ్డం గీసిన తరువాత నాన్న అందరికీ అలాగే చేస్తాడు కదా అనుకున్నాడు. చల్లగా ఉంది కాని మచ్చ పోలేదు.

"గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు.

తనకు తెలియకుండానే పాత రాగం వచ్చేసింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ అదే రాగం. మాట మారిస్తే రాగం వదులుతుందేమోనని "నమస్కారం సార్" అన్నాడు. దీనికి రాగం లేదు, బాగానే ఉంది, కాని చేతులు ఏం చేయాలో తోచలేదు. రెండు చేతులూ జోడిస్తే భుజం మీది సంచీ జారిపడుతుందేమో చూడాలని తండ్రి సామాను సంచీలో పాత పత్రికలు కుక్కి భుజానికి తగిలించుకున్నాడు. అనుకున్నట్టే చేతులు కలిసేలోపల సంచీ మోచేతి దాకా జారింది. రెండు పట్టీలూ తగిలించుకుంటే జారదని కనిపెట్టడానికి వాడికి మూడుసార్లు పట్టింది.

అప్పుడు తల ఎత్తి చూసేసరికి మరో చిక్కు కనిపించింది. ఎదురెదురు అద్దాల పుణ్యమా అని వాడు అక్కడ ఒక్కడు కాదు. వాడి వెనుక వాడి వీపు, ఆ వీపు వెనుక మళ్ళీ వాడి ముఖం, ఆపైన మళ్ళీ వీపు, ఇలా చిన్నవవుతూ మసకబారుతూ ఒక వరుస అద్దం లోతుల్లోకి పోయింది. వాడు నోరు తెరిస్తే ముఖాలున్న రమణలందరూ కలిసి నోరు తెరిచారు. "నమస్కారం సార్" అని ఇంతమంది ఒక్కసారిగా అంటే తాను చెప్పినట్టా, చెప్పనట్టా? ఇది పాత బడి వరుసే. రేపు ద్వారం దగ్గర వీళ్ళెవరూ ఉండరు.

రమణ కొంచెం ఆలోచించి, కొక్కానికి వేలాడుతున్న తెల్లగుడ్డ తీశాడు. గిరాకీల మెడ చుట్టూ కప్పే ఆ గుడ్డను బల్ల ఎక్కి వెనుక అద్దం మీది మేకులకు కట్టాడు. అది చాలక రెండో గుడ్డ కూడా కట్టాడు. దిగివచ్చి చూస్తే ఎదుటి అద్దంలో తెల్లటి గోడ లాంటి గుడ్డ ముందు ఒక్కడే పిల్లవాడు, రెండు భుజాలకూ సంచీతో, ముఖం మీద నాలుగు మచ్చలతో నిలబడి ఉన్నాడు. వాడిని చూస్తే రమణకు భయం వేసింది. అయినా ఆ గుడ్డలు తీయలేదు.

"నమస్కారం సార్."

గొంతు సగంలో ఆగింది. ఐదుసార్లు, పదిసార్లు అన్నాడు. ఒకసారి మరీ గట్టిగా వచ్చి తానే ఉలిక్కిపడ్డాడు. ఎంతసేపు గడిచిందో, షట్టరు కింద నుంచి వంగి తండ్రి లోపలికి వచ్చి ఎంతసేపైందో వాడికి తెలియలేదు. అద్దం అంచున తండ్రి ముఖం కనిపించగానే వాడి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

వెంకటేశ్వర్లు నవ్వలేదు. గుడ్డ కట్టిన అద్దాన్నీ, కొడుకు భుజాల మీది తన సంచీనీ చూసి, సాన పట్టించిన కత్తెరలు బల్ల మీద పెట్టాడు.

"సారు ఏం చేస్తూ ఉంటాడురా నువ్వు వెళ్ళేసరికి?"

"హాజరు వేస్తూ ఉంటాడేమో నాన్నా. తల ఎత్తడంట. లక్ష్మి చెప్పింది."

"అయితే నువ్వు బయటికి వెళ్ళి రా."

తండ్రి కుర్చీలో కూర్చొని, తన ఖాతా పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, తల వంచి పేజీలు తిప్పసాగాడు. రమణ షట్టరు కింద నుంచి బయటికి వెళ్ళి, ఒకసారి ఊపిరి తీసుకొని లోపలికి వచ్చి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బాపట్ల వైపు నుంచి వచ్చిన గూడ్సు బండి స్టేషను దాటసాగింది. అద్దాలు చట్రాలలో గజగజలాడాయి, అరలోని పౌడరు డబ్బాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. వాడి నమస్కారం ఆ చప్పుడులో కలిసిపోయింది. తండ్రి తల ఎత్తలేదు. రమణ చెప్పేశాననుకొని లోపలికి నడవబోయి ఆగాడు. బండి పెట్టెలు లెక్కపెడుతున్నట్టు గోడవైపు చూస్తూ బండి మొత్తం వెళ్ళేదాకా నిలబడి, చివరి పెట్టె చప్పుడు పలుచబడిన తరువాత మళ్ళీ అన్నాడు.

"నమస్కారం సార్."

వెంకటేశ్వర్లు తల ఎత్తాడు. "నమస్కారం బాబూ, రా" అన్నాడు. రోజూ గుమ్మంలోకి వచ్చే కొత్తవారితో అతడు అనే మాట అదే. కొద్దిసేపటికి "నేను ముందు ముఖం చూసి, తరువాత పలకరిస్తానురా. చూడకుండా అంటే వాళ్ళకు తెలిసిపోతుంది" అని లేచి వెనుక అద్దం మీది గుడ్డలు విప్పి, దులిపి, కొక్కానికి తగిలించాడు.

మరునాడు ఉదయం తండ్రీకొడుకులు డాక్టరు రాసిచ్చిన చీటీతో ప్రధానోపాధ్యాయుని గది ముందు నిలబడ్డారు. ప్రార్థన ముగిసి, పిల్లలు వరుసల్లో తరగతులకు వెళ్ళిపోయి, వరండా ఖాళీ అయిన తరువాత గాని వాళ్ళ పని కాలేదు. "ఆరో తరగతి అదిగో, చివరి గది" అని అటెండరు చూపించాడు. దుకాణం తెరవాలి కనుక తండ్రి గేటు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసి సైకిలెక్కాడు.

చివరి గది ద్వారం దగ్గరికి వెళ్ళేసరికి రమణ అద్దం ముందు ఊహించనిది కనిపించింది. సారు కుర్చీలో లేడు. నల్లబల్ల వైపు తిరిగి, సుద్దముక్కతో తేదీ రాస్తున్నాడు. ద్వారంలోంచి కనిపించింది నీలం చారల చొక్కా వీపు మాత్రమే. ముందు ముఖం చూడమన్నాడు నాన్న, ఇక్కడ ముఖమే లేదు. నలభై మంది తలలు మాత్రం ఒక్కసారిగా ద్వారం వైపు తిరిగాయి. మూడో వరుసలో లక్ష్మి పెదవులతో ఏదో చెబుతోంది. రమణ చెంప మీది మచ్చ వేడెక్కింది.

సుద్ద చప్పుడు ఆగేదాకా వాడు నిలబడ్డాడు. రాయడం పూర్తయి, సారు చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ సగం ఇటు తిరిగాడు. వయసు మళ్ళిన ముఖం, కళ్ళద్దాల కింద బాగా అలసిన కళ్ళు. లక్ష్మి ఆ సంగతి చెప్పలేదు.

"నమస్కారం సార్."

గొంతు పెద్దగా రాలేదు కాని, మొత్తం వచ్చింది. రెండు పట్టీలూ వేసుకున్నందువల్ల సంచీ జారలేదు.

సారు కళ్ళద్దాలు సవరించుకొని వాడి ముఖం వైపు, ఆ మచ్చల వైపు కొంతసేపు చూశాడు. "నమస్కారం" అన్నాడు. "ఆటలమ్మ తగ్గిందా? రమణవే కదూ నువ్వు? బడి తెరిచిన రోజు నుంచి నీ పేరు పిలుస్తూనే ఉన్నాను. వచ్చి కూర్చో."

రమణ వెళ్ళి రెండో బల్ల చివర దొరికిన చోట కూర్చున్నాడు. సారు హాజరు పట్టీ తెరిచి ఒకటో నంబరు నుంచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గొంతు పలుకుతోంది, సన్నది ఒకటి, బొంగురుది ఒకటి, నిద్రమత్తుది ఒకటి. ఏం పలకాలో వాడు ఇంటి దగ్గర నేర్చుకొని రాలేదు. తన పేరు ఎంత దూరంలో ఉందో తెలియక ప్రతి గొంతునూ శ్రద్ధగా వింటూ బల్ల అంచు పట్టుకొని కూర్చున్నాడు. 31వ నంబరు దగ్గర సారు పేరు పిలిచి, ఈసారి తల ఎత్తి చూశాడు.

"ప్రెజెంట్ సార్" అన్నాడు రమణ, లేచి నిలబడి.