మత స్వేచ్ఛ – మత మార్పిడి చట్టాలు: చర్చా పోటీకి సన్నాహక పత్రం

(ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం, డిగ్రీ విద్యార్థులకు, రాజనీతి శాస్త్ర విభాగం తరఫున)

చర్చాంశం: "మతం మారదలచిన వ్యక్తి ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు నోటీసు ఇవ్వాలన్న చట్ట నిబంధన సమర్థనీయమే."

ఒక్కో జట్టులో ముగ్గురు ఉంటారు. మొదటి ఇద్దరికీ ఐదేసి నిమిషాలు, మూడో వక్తకు ఖండనకు నాలుగు నిమిషాలు ఇస్తాము. ఏ జట్టు ఏ పక్షాన మాట్లాడాలో పోటీకి అరగంట ముందు చీటీ తీసి నిర్ణయిస్తాము కనుక ఇరు పక్షాల వాదనలనూ అందరూ సిద్ధం చేసుకోవలసిందే. తమకు నచ్చని పక్షాన్ని బలంగా వాదించగలవారికే ఈ అంశం నిజంగా అర్థమైందని మా అభిప్రాయం.

చర్చాంశాన్ని ఇంత ఇరుకుగా పెట్టడానికి కారణం ఉంది. బలవంతంగా, మోసంతో మతం మార్చడం తప్పని చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాని మీద గంటసేపు మాట్లాడినా చర్చ ముందుకు కదలదు. అసలు తగవు వేరే చోట ఉంది. ఒక మనిషి తన ఇష్టంతోనే మారుతున్నాడా లేదా అన్నది ఎవరు తేల్చాలి, ఎప్పుడు తేల్చాలి? మార్పిడికి ముందే ప్రభుత్వ అధికారి తేల్చాలా, లేక ఫిర్యాదు వచ్చాక న్యాయస్థానం తేల్చాలా? మీ వాదనలన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి.

రాజ్యాంగం ఏమంటోంది

అంతరాత్మ స్వేచ్ఛకూ, ఒక మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కుకూ వ్యక్తులందరూ సమానంగా అర్హులని 25వ అధికరణం చెబుతోంది. అయితే ఈ హక్కు ప్రజా శాంతికి, నైతికతకు, ప్రజారోగ్యానికి, మూడవ భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి ఉంటుంది. "పౌరులు" అని కాక "వ్యక్తులందరూ" అని ఉన్న సంగతిని గమనించండి. ఈ హక్కు విదేశీయులకూ వర్తిస్తుంది.

ప్రచార హక్కును ఉంచాలా, తీసేయాలా అన్నదానిపై రాజ్యాంగ పరిషత్తులో 1948 డిసెంబరులో గట్టి చర్చ జరిగింది. లోకనాథ్ మిశ్రా ఆ హక్కును తీవ్రంగా వ్యతిరేకించారు. వాక్ స్వాతంత్ర్యం ఉన్నచోట ఎదుటివారిని తమ విశ్వాసం వైపు ఒప్పించే వీలు ఎలాగూ ఉంటుందని కె.ఎం. మున్షీ వాదించారు. తాను ఏళ్ల తరబడి క్రైస్తవ సంస్థల్లో చదువుకున్నా తనను మతం మార్చే ప్రయత్నం జరగలేదని టి.టి. కృష్ణమాచారి గుర్తు చేసి, ఇతర మతాల వారిని హిందూ మతంలోకి తెచ్చే ఆర్యసమాజం వారి శుద్ధి కార్యక్రమానికీ ఈ హక్కు వర్తిస్తుందని చెప్పారు. చివరికి ఆ హక్కు నిలిచింది. ఇరు పక్షాల వారూ ఈ చర్చను వాడుకోవచ్చు గానీ, ఒక సభ్యుడి మాటను పరిషత్తు మొత్తం తీర్పుగా చూపించకండి.

చట్టాలు నడిచిన దారి

స్వతంత్ర భారతంలో ఈ తరహా తొలి రాష్ట్ర చట్టం ఒరిస్సాలో 1967లో వచ్చింది. మరుసటి ఏడాది మధ్యప్రదేశ్ ఆ దారి పట్టింది. ఈ రెండూ బలప్రయోగం, మోసం, ప్రలోభం ద్వారా మత మార్పిడిని నేరంగా పరిగణించాయి. ఒరిస్సా చట్టంలో సాధారణ శిక్ష ఏడాది వరకు జైలు లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా. ఒరిస్సా హైకోర్టు తమ రాష్ట్ర చట్టాన్ని కొట్టేసింది. మధ్యప్రదేశ్ హైకోర్టు తమ రాష్ట్ర చట్టాన్ని సమర్థించింది. రెండు వివాదాలూ సుప్రీంకోర్టుకు చేరగా, ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1977 జనవరిలో స్టానిస్లాస్ కేసులో రెండు చట్టాలనూ నిలబెట్టింది. ప్రచార హక్కు అంటే తన మత సూత్రాలను ఇతరులకు తెలియజేసే హక్కే గానీ, మరొకరిని మతం మార్చే హక్కు కాదని, ప్రజా శాంతి రాష్ట్రాల పరిధిలోని అంశమని ఆ తీర్పు సారాంశం. ప్రచారం విని తన ఇష్టంతో మారిన వ్యక్తి తన అంతరాత్మ స్వేచ్ఛనే వినియోగించుకుంటున్నాడు కదా అని న్యాయకోవిదుడు హెచ్.ఎం. సీర్వాయి ఆ తీర్పును గట్టిగా విమర్శించారు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు పొరబడే చోటు ఒకటుంది. 1968 నాటి మధ్యప్రదేశ్ చట్టం సమాచారం ఇవ్వమన్నది మార్పిడి జరిపించిన వ్యక్తిని. అదీ తంతు ముగిశాక. కాబట్టి మతం మారే వ్యక్తే ముందుగా నోటీసు ఇవ్వాలన్న నేటి నిబంధనను స్టానిస్లాస్ తీర్పు సమర్థించిందని అనడం సరికాదు. ఆ ప్రశ్న 1977లో ఈ రూపంలో కోర్టు ముందుకు రానేలేదు.

తర్వాతి కాలంలో అరుణాచల్ ప్రదేశ్, గుజరాత్, హిమాచల్ ప్రదేశ్, జార్ఖండ్, ఉత్తరాఖండ్, హర్యానా, కర్ణాటక వంటి రాష్ట్రాలు తమ తమ చట్టాలు చేసుకున్నాయి. తమిళనాడు 2002లో తెచ్చిన చట్టాన్ని కొద్ది కాలానికే వెనక్కి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సాధారణ మత మార్పిడి నిరోధక చట్టం లేదు. ప్రార్థనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం దీనికి భిన్నమైనది, రెండింటినీ కలపకండి.

చర్చాంశానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఉత్తరప్రదేశ్ 2021 చట్టం. దాని ప్రకారం మతం మారదలచిన వ్యక్తి అరవై రోజుల ముందు, తంతు జరిపించే మత పెద్ద నెల రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఆ తర్వాత మార్పిడి ఉద్దేశమేమిటో, కారణమేమిటో పోలీసులు విచారిస్తారు. మారిన తర్వాత అరవై రోజుల్లో మరో ప్రకటన ఇవ్వాలి. అందులో పుట్టిన తేదీ, చిరునామా, తండ్రి లేదా భర్త పేరు, పాత మతం, కొత్త మతం, తంతు జరిగిన చోటు, తేదీ వంటి వివరాలు ఉంటాయి. ఆ ప్రకటన ప్రతిని కార్యాలయపు నోటీసు బోర్డుపై అంటిస్తారు. ప్రకటన ఇచ్చిన ఇరవై ఒక్క రోజుల్లో ఆ వ్యక్తి స్వయంగా మేజిస్ట్రేటు ఎదుట హాజరై వివరాలను ధ్రువీకరించాలి. మార్పిడి చట్టబద్ధంగానే జరిగిందని రుజువు చేసే భారం మార్పిడి జరిపించిన వారిదే. తన వెనుకటి మతానికి తిరిగి వెళ్తే దాన్ని మార్పిడిగా లెక్కించరు. 2024 సవరణ శిక్షలను పెంచి, కొన్ని సందర్భాల్లో యావజ్జీవం వరకు తీసుకువెళ్లింది. ఫిర్యాదు చేసే వీలును కూడా విస్తరించింది.

మరో వైపు హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2012లో అక్కడి 2006 చట్టంలోని ముందస్తు నోటీసు నిబంధనను కొట్టేసింది. తన విశ్వాసాన్ని తనలోనే ఉంచుకునే హక్కు మనిషికి ఉందన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన తర్కం. 2019లో అదే రాష్ట్రం కొత్త చట్టంలో ముందస్తు నోటీసును మళ్లీ తెచ్చింది. చట్టసభకూ కోర్టుకూ మధ్య ఈ లాగుడు ఇంకా తేలలేదు.

అనుకూల పక్షానికి

మీ బలమైన వాదన రుజువుకు సంబంధించినది. ఒత్తిడి, మోసం నాలుగు గోడల మధ్య జరుగుతాయి. బాధితులు చాలాసార్లు ఒత్తిడి చేసిన వారి మీదే ఆధారపడి ఉంటారు. జరిగిపోయాక సాక్ష్యం దొరకదు. అందుకే ముందే ఒక తటస్థ అధికారి ఎదుట ఆ వ్యక్తి తన ఇష్టాన్ని చెప్పే అవకాశం ఉండాలని మీరు వాదించవచ్చు. రెండోది, మత మార్పిడి పూర్తిగా మనసుకు సంబంధించినదే అయినా దాని పర్యవసానాలు చట్టపరమైనవి. వివాహ చట్టం, వారసత్వం, షెడ్యూల్డ్ కులాల హోదా మారిపోతాయి. మొదటి వివాహం నిలిచి ఉండగా రెండో పెళ్లి కోసం మతం మారడం చెల్లదని సర్లా ముద్గల్ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పడం ఇక్కడ మీకు పనికొస్తుంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి ముప్పై రోజుల నోటీసు ఉన్నప్పుడు ఇది మాత్రం అన్యాయమెలా అవుతుందని అడగవచ్చు. కానీ ఆ నోటీసు మీద కూడా విమర్శలున్నాయని ఎదుటి పక్షం అనక మానదు. జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

ప్రతికూల పక్షానికి

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. వయోజనురాలి విశ్వాసం, వివాహం ఆమె సొంత నిర్ణయాలని 2018లో షఫీన్ జహాన్ కేసు చెప్పింది. వీటి ఆధారంగా నోటీసు బోర్డు అంశాన్నే పట్టుకోండి: మనిషి పేరు, చిరునామా అందరికీ కనిపించేలా అంటించాక, అతన్ని ఒత్తిడి నుంచి కాపాడుతున్నామా, కొత్త ఒత్తిడికి గురిచేస్తున్నామా? రెండోది, మోసం, బెదిరింపు భారతీయ న్యాయ సంహిత కింద ఇప్పటికే నేరాలు. మూడోది అసమానత: ఒక దిక్కుకు మారితే నోటీసు, వెనక్కి వెళ్తే అక్కర్లేదు అనడం 14వ అధికరణం ముందు ఎలా నిలుస్తుంది?

స్త్రీలు, దళితులు, ఆదివాసుల విషయంలో శిక్షలు ఎక్కువ ఉండడాన్ని విమర్శించేటప్పుడు జాగ్రత్త అవసరం. వారిని తమ మేలు తాము తెలుసుకోలేనివారిగా చూస్తున్నారన్న వాదన బలమైనదే. అయితే ఆర్థికంగా, సామాజికంగా బలహీనంగా ఉన్నవారిని దోపిడీ చేయడం సులభమన్న జవాబుకూ బలం ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేడ్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించిన ఘట్టాన్ని చాలామంది ఉదాహరిస్తారు. ఇద్దరు లేదా అంతకు మించి కలిసి మారితే ఉత్తరప్రదేశ్ చట్టం దాన్ని సామూహిక మార్పిడి అంటుందన్నది నిజమే. కానీ ఆ చట్టం ఎక్కువ శిక్ష వేసేది నిషిద్ధ మార్గాల్లో జరిగిన సామూహిక మార్పిడికే. ఈ తేడా చెప్పకుండా ఉదాహరణ వాడితే ఎదుటి జట్టు ఒక్క వాక్యంలో దాన్ని పడగొడుతుంది.

విదేశాల నుంచి ఒక పోలిక

మతం మార్చుకునే స్వేచ్ఛను 1948 సార్వజనీన మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం స్పష్టంగా గుర్తించింది. భారత్ 1979లో చేరిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక, మతాన్ని ఎంచుకునే స్వేచ్ఛను దెబ్బతీసే ఒత్తిడిని నిషేధిస్తోంది. ఇరు పక్షాలకూ పనికొచ్చే కేసులు గ్రీసు నుంచి వచ్చాయి. 1993లో కొక్కినాకిస్ కేసులో, ఇంటికి వెళ్లి మత సంభాషణ చేసిన, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన వ్యక్తిని శిక్షించడం తప్పని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం చెబుతూనే, విశ్వాసాన్ని చాటడం వేరు, అనుచితంగా లొంగదీసుకోవడం వేరని గీత గీసింది. 1998లో లారిసిస్ కేసులో, తమ కింది సైనికులకు మత ప్రచారం చేసిన అధికారులను శిక్షించడాన్ని అదే న్యాయస్థానం తప్పుపట్టలేదు. హోదాలోని తేడాయే దానికి కారణం. కాకపోతే ఈ రెండూ జరిగిపోయిన దానిపై తీర్పులు; ముందస్తు నోటీసు గురించి ఇవి ఏమీ చెప్పవు.

న్యాయనిర్ణేతలు అడగబోయే ఊహాజనిత సందర్భం

ఒక ధార్మిక ట్రస్టు నడిపే వసతి గృహంలో పంతొమ్మిదేళ్ల విద్యార్థిని ఉచితంగా ఉంటోంది. అక్కడి ప్రార్థనలకు రెండేళ్లు వెళ్లాక మతం మారాలనుకుంది. వసతి పోతుందని ఎవరూ అనలేదు. మారితే ఏదైనా ఇస్తామని కూడా అనలేదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని ఆమె భయం. ఉచిత వసతి ప్రలోభమా? నోటీసు ఆమెకు రక్షణా, ప్రమాదమా? ట్రస్టు మతం, ఆమె మతం ఏవైనా మీ జవాబు మారకూడదు; మారితే దాన్ని సిద్ధాంతం అనలేము.

వేదిక మీద ఏ మతస్థులనూ మొత్తంగా నిందించే మాట వస్తే ఐదు మార్కులు తీసేస్తాము. వాట్సాప్‌లో వచ్చిన ఘటనలను, నిర్ధారణ కాని లెక్కలను సాక్ష్యంగా చెప్పకూడదు. తీర్పు పేరు చెబితే సంవత్సరం కూడా చెప్పాలి. ఇరు పక్షాలకూ ఒక్కో పుట వాదన సారాంశాన్ని చేతిరాతతో రాసి పోటీకి రెండు రోజుల ముందు విభాగంలో ఇవ్వాలి. ఒక పక్షానికే రాసిన పత్రాన్ని తీసుకోము.