నిలిపివేసిన తుది వాయిదా: నిర్ధారణ అయిన మరమ్మతు ఖర్చు మేరకే మినహాయింపునకు ప్రతిపాదన

తేదీ: 18 జూన్ 2025

కొనుగోలు విభాగాధిపతి గారికి,

విషయం: 64 వార్డ్‌రోబ్‌ల తయారీ, బిగింపు ఒప్పందం, మా తుది బిల్లు 8,06,400 నిలిపివేత, మీ 9 జూన్ నాటి లేఖకు సమాధానం.

అయ్యా,

మీ లేఖ అందింది. అందులో 19 వార్డ్‌రోబ్‌లలో లోపాలు ఉన్నాయని, అందుచేత ఒప్పందంలోని చివరి 30 శాతాన్ని పూర్తిగా నిలిపివేస్తున్నామని, ఆ 19 వార్డ్‌రోబ్‌లను మార్చి కొత్తవి ఇచ్చేదాకా ఏమీ చెల్లించబోమని తెలిపారు. ఆ తరువాత 11వ తేదీన మీ సైట్ ఇంజనీరు గారితో కలిసి నేను స్వయంగా గదిగదికీ తిరిగి చూశాను. లోపాలు ఉన్నమాట నిజం. వాటిలో అధిక భాగం మా వర్క్‌షాపులో జరిగిన తప్పు వల్లనే వచ్చాయి. ఈ మాటను మొదటే రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకపై నేను రాసేది తప్పించుకోవడానికి కాదని, లెక్క సరిగా తేలాలన్న ఉద్దేశంతోనేనని మీకు తెలియాలి. ఈ ఉత్తరంలోని మొత్తాలన్నీ ఒప్పందంలో పేర్కొన్న కరెన్సీలో, పన్నులు కలపకుండా చెప్పినవి.

ముందుగా, ఆ రోజు మనం చూసినది. ఉమ్మడి తనిఖీ పత్రం మీద ఇద్దరమూ సంతకాలు చేశాం. దాని ప్రకారం 12 వార్డ్‌రోబ్‌లలో 33 షట్టర్లకు అంచు పట్టీ లేచింది. మరో 4 వార్డ్‌రోబ్‌లలో 14 హింజులు పట్టు తప్పి తలుపులు కిందికి జారాయి. మిగిలిన 3 వార్డ్‌రోబ్‌లలో అడుగు బోర్డు ఉబ్బింది. మీ లేఖ ఈ మూడు రకాలనూ కలిపి ఒకే లోపంగా చూపింది. అయితే వీటి కారణాలు వేరు, మరమ్మతులు వేరు, ఖర్చులూ వేరు. మన మధ్య తేడా అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

అంచు పట్టీల సంగతి వివరంగా చెప్పవలసి ఉంది. రెండో అంతస్తులో ఒక షట్టర్ అంచు కింద గోరు దూర్చి లాగితే పట్టీ జానెడు పొడవున ఒక్కసారిగా ఊడివచ్చింది. జిగురు మొత్తం పట్టీకే అంటుకుని ఉంది, బోర్డు వైపు ఉండాల్సిన దాని ముఖం నున్నగా ఉంది. జిగురు సరైన వేడిలో పడి ఉంటే అది బోర్డు రేణువుల్లోకి దిగి, ఊడదీసినప్పుడు ముఖం గరుకుగా కనిపించేది. నున్నగా ఉందంటే బోర్డును తాకే ముందే చల్లారిందని అర్థం. తిరిగి వెళ్లి మా ఉత్పత్తి రిజిస్టరు తీసి ఆ 33 షట్టర్ల నంబర్లు సరిచూశాను. అన్నీ మూడో బ్యాచ్‌లోవే, అన్నీ వరుసగా రెండు రోజులలో ఎడ్జ్ బ్యాండింగ్ మెషిన్ మీదికి వెళ్లినవే. రెండో రోజు సాయంత్రం జిగురు పాత్ర హీటర్ మార్చినట్టు మెయింటెనెన్స్ పుస్తకంలో నమోదై ఉంది. ఆ రెండు రోజులూ జిగురుకు తగినంత వేడి అందలేదని, తయారైన షట్టర్లను పంపే ముందు మేము పరీక్షించి ఉండవలసిందని ఒప్పుకుంటున్నాను. ఆ రిజిస్టరు పేజీల నకళ్లను ఈ లేఖతో జతపరిచాను.

ఇదే రిజిస్టరు మరో సంగతి కూడా చెబుతోంది. మూడో బ్యాచ్‌లో మొత్తం 41 షట్టర్లు ఉన్నాయి. అంటే ఇప్పటికి బాగానే కనిపిస్తున్న మరో 8 షట్టర్లు అదే వేడి లోపంతో తయారై ఉండవచ్చు. వాటి మీద మీరు ఫిర్యాదు చేయలేదు, అయినా వాటికీ మా ఖర్చుతోనే కొత్త పట్టీ వేసి ఇస్తాం. ఈ 8 షట్టర్ల ఖర్చును మీకు రావలసిన మినహాయింపుతో ముడిపెట్టం. మిగిలిన బ్యాచ్‌ల నుంచి మీ ఇంజనీరు గారు తానే ఎంచుకున్న 20 షట్టర్లను ఆ రోజే కలిసి పరీక్షించాం. ఒక్క దానికీ అంచు లేవలేదు. కాబట్టి లోపం ఒక బ్యాచ్‌కే పరిమితమైందని, 64 వార్డ్‌రోబ్‌లకూ పాకలేదని చెప్పడానికి మన ఇద్దరి చేతుల్లోనూ ఆధారం ఉంది.

మీరు కోరిన మార్పిడి విషయం. 19 వార్డ్‌రోబ్‌లను ఒక్కొక్కటి 42,000 చొప్పున లెక్కేసి 7,98,000 అని, అది నిలిపిన మొత్తానికి దాదాపు సమానమని మీరు రాశారు. లేచిన పట్టీని చెక్కి, అంచును శుభ్రం చేసి, సరైన వేడిలో మళ్లీ అంటిస్తే ఆ షట్టర్ తొలినాడు ఎలా ఉండవలసిందో అలాగే ఉంటుంది. వార్డ్‌రోబ్ పెట్టె, అరలు, వెనుక బోర్డు, హ్యాండిళ్లు అన్నీ ఒప్పందంలో చెప్పిన నాణ్యతతోనే ఉన్నాయి, వాటి గురించి తనిఖీ పత్రంలో ఒక్క అభ్యంతరమూ లేదు. పని మొదటినుంచీ సరిగా జరిగి ఉంటే మీరు ఏ స్థితిలో ఉండేవారో ఆ స్థితికి మిమ్మల్ని తేవడం మా బాధ్యత. అందుకు అయ్యే నిజమైన ఖర్చు మేరకు బిల్లులో తగ్గించుకునే హక్కు మీకుంది. అయితే మరమ్మతుతో తీరే లోపానికి మొత్తం వస్తువు వెలను నిలిపివేయడం ఆ హక్కు పరిధిని దాటుతుంది. మన ఒప్పందంలోని 9వ క్లాజు కూడా లోపం తెలిపిన 21 రోజులలోగా సరిచేసే అవకాశం ముందు సరఫరాదారుకే ఇవ్వాలని చెబుతోంది. ఆ గడువు ఇంకా ముగియలేదు.

మీరు జతచేసిన 2,85,000 కొటేషన్‌ను జాగ్రత్తగా చదివాను. అందులో 64 వార్డ్‌రోబ్‌లన్నింటికీ అంచు పట్టీలు మార్చడం, మేము చేయని లాఫ్ట్ తలుపులకు లామినేట్ వేయడం, గదుల గోడలకు టచప్ పెయింట్ కూడా కలిపి ఉన్నాయి. ఏ షట్టర్‌కు ఎంత అన్న విడివిడి లెక్క లేదు. ఇంకా చేయని పనికి ఎవరో ఇచ్చిన అంచనాను చేసిన పని బిల్లు నుంచి తగ్గించమనడం మాకు సమ్మతం కాదు. నిజంగా ఖర్చు పెట్టి, లోపం ఉన్న చోటే పెట్టి, రసీదుతో చూపిన ప్రతి మొత్తాన్నీ మాత్రం మారుమాట లేకుండా తగ్గించుకుంటాం.

మా ప్రతిపాదన ఇది. ఉమ్మడి పత్రంలోని లోపాలకు మా లెక్కలో మరమ్మతు ఖర్చు 64,900 అవుతుంది. 31 షట్టర్లకు కొత్త పట్టీ వేయడానికి ఒక్కొక్కటి 1,150 చొప్పున 35,650; పట్టీతోపాటు బోర్డు అంచే చిట్లిన 2 షట్టర్లను కొత్తవి చేయడానికి 9,200; మొత్తం 33 షట్టర్లను విప్పి మళ్లీ బిగించడానికి 8,250; రానుపోను రవాణాకు 9,000; 14 హింజుల మార్పు, స్క్రూ రంధ్రాల సవరణకు 2,800. ఈ పని మమ్మల్నే చేయనిస్తే మినహాయింపు అవసరమే ఉండదు: అంగీకారం అందిన నాటినుంచి 12 పనిదినాలలో, గదుల వాడకానికి ఇబ్బంది లేకుండా రోజుకు నాలుగు గదుల చొప్పున పూర్తిచేసి, మీ ఇంజనీరు గారి సంతకం తీసుకుంటాం. మరొకరితో చేయించుకోవాలని మీరు అనుకుంటే, అది మీ ఇష్టం. వార్డ్‌రోబ్ నంబరు వారీగా చేసిన పని జాబితా, పని బిల్లు, చెల్లించిన రసీదు మాకు పంపండి. మేము ఏడు రోజులలోగా పరిశీలించి, సమంజసమైన ఖర్చు మొత్తానికి క్రెడిట్ నోట్ ఇస్తాం. అది 64,900 కంటే ఎక్కువ తేలినా, దానికి తగిన ఆధారం ఉంటే ఎక్కువే తగ్గించుకుంటాం, తక్కువైతే తక్కువే.

అడుగు ఉబ్బిన 3 వార్డ్‌రోబ్‌ల మాట వేరుగా చెప్పాలి. మూడూ కింది అంతస్తులో, బాత్‌రూమ్ గోడను ఆనుకుని ఉన్నాయి. ఉబ్బు మూడింటిలోనూ నేలనుంచి దాదాపు ఒకే ఎత్తున ఆగింది. బయటినుంచి నీరు చేరిందనడానికి ఇది బలమైన గుర్తు. అయితే డ్రాయింగ్ ప్రకారం కింది అంచుకు మేము సీలింగ్ చేయాలి, చేశామా లేదా అన్నది ప్లింత్ విప్పితే తప్ప తెలియదు. చేయలేదని తేలితే బాధ్యత మాదే, మీతో వాదించను. కాబట్టి ఇద్దరికీ సమ్మతమైన ఒక స్వతంత్ర నిపుణుడిని పిలిచి, మన సమక్షంలోనే ప్లింత్ విప్పించి చూపిద్దాం. ఆయన ఫీజు చెరిసగం. ఆ 3 వార్డ్‌రోబ్‌ల మరమ్మతుకు ఒక్కొక్కటి 9,500 చొప్పున అయ్యే 28,500 ఆయన నివేదిక వచ్చేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి.

ఈ లెక్కన వివాదంలో ఉన్నది, ఒప్పుకున్నది కలిపినా 93,400 మాత్రమే. మిగిలిన 7,13,000 మీద మీ లేఖలోగాని, తనిఖీ పత్రంలోగాని ఏ అభ్యంతరమూ లేదు. ఈ మొత్తాన్ని ఈ నెల 27వ తేదీలోగా విడుదల చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ ఉత్తరం రాయడానికి నన్ను తొందరపెట్టిన అసలు కారణం ఇదే. ఈ వాయిదా మీదే మా బోర్డు సరఫరాదారుకు ఇవ్వాల్సిన బాకీ, మీ పని చేసిన తొమ్మిది మంది కార్మికుల జీతాలు ఆధారపడి ఉన్నాయి. హీటర్ పాడైన రెండు రోజుల తప్పుకు మా సంస్థ నష్టం భరించడం న్యాయం. ఆ తప్పుతో ఏ సంబంధమూ లేని వారి జీతం ఆగిపోవడం న్యాయం కాదు.

గదులు వాడకంలోకి రావడంలో ఆలస్యం జరిగిందని, ఆ నష్టాన్ని తరువాత లెక్కగట్టి చెబుతామని మీ లేఖ చివర ఒక వాక్యం ఉంది. ఏ గదులు, ఎన్ని రోజులు, ఈ షట్టర్ల వల్లనే ఎలా ఆగాయి అన్న వివరం ఇస్తే దాన్ని విడిగా పరిశీలించి సమాధానమిస్తాం. మొత్తం తేలని ఆ విషయాన్ని ఇప్పటి బిల్లుకు అడ్డుగా పెట్టవద్దని మనవి.

ఈ ప్రతిపాదనకు మీరు అంగీకరించినా ఒప్పందంలోని ఒక సంవత్సరం వారంటీకి ఏ మార్పూ ఉండదు. మళ్లీ పట్టీ వేసిన 31 షట్టర్లకు, పైన చెప్పిన 8 షట్టర్లకు ఆ వారంటీని రెండు సంవత్సరాలకు పొడిగిస్తున్నాను. మీరు అంగీకరించకపోతే, ఇందులో ఒప్పుకున్న లోపాలను కాదనను. కానీ నిలిపిన మిగతా మొత్తాన్ని రాబట్టుకోవడానికి ఒప్పందం ప్రకారం మాకున్న హక్కులన్నీ అలాగే ఉంటాయి.

మరమ్మతు మాతో చేయించుకుంటారా, బయట చేయించుకుంటారా, నిపుణుడిగా ఎవరి పేరు సూచిస్తారు అన్న మూడు విషయాల మీద 25వ తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయండి. అందుకు ముందు ఒకసారి కలిసి మాట్లాడదామనుకుంటే, తనిఖీ పత్రం, రిజిస్టరు అసలు ప్రతులు వెంట తీసుకుని మీరు చెప్పిన రోజున సైట్‌కు వస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
మేనేజింగ్ భాగస్వామి,
సరఫరాదారు సంస్థ తరఫున

జతపరచినవి: 11 జూన్ నాటి ఉమ్మడి తనిఖీ పత్రం నకలు, మూడో బ్యాచ్ ఉత్పత్తి రిజిస్టరు, మెయింటెనెన్స్ పుస్తకం పేజీల నకళ్లు, షట్టర్ నంబరు వారీగా మరమ్మతు ఖర్చు పట్టిక.