మూడు లెక్కల వీడియోలు: టైటిల్, థంబ్‌నెయిల్, మొదటి ఇరవై సెకన్లు

చిన్నా, ఆదివారం నువ్వు దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోపు ఇవి ఖాయం చేసి పెట్టాను. రాసింది రాసినట్టే పెట్టు. మార్చాలనిపిస్తే ముందు ఫోన్ చెయ్యి, పోట్లాడుకుందాం.

పోయిన నెల వీడియో గ్రాఫ్ చూశావుగా. నేను నమస్కారం పెట్టి, లోగో తిరిగి, సబ్‌స్క్రైబ్ చేయమని బతిమాలేసరికి ముప్పై సెకన్లు. సగం మంది అప్పటికే వెళ్లిపోయారు. ట్యూషన్‌లో పిల్లలు కూర్చోగానే నోట్‌బుక్ లాక్కుని "ఇదేంటమ్మా?" అని మొదలుపెట్టేదాన్ని, కెమెరా ముందు ఫంక్షన్ హాల్ యాంకర్‌లా తయారయ్యాను. ఇక లోగో తీసెయ్.

వీడియో 1

టైటిల్: (3+4)² = 25 కాదు! ఆ 24 ఎక్కడికి పోయింది? | 8వ తరగతి లెక్కలు

ఫోన్‌లో టైటిల్ చివర తెగిపోతుంది, అందుకే తరగతి పేరు వెనక్కి నెట్టాను.

థంబ్‌నెయిల్: గీతల నోట్‌బుక్ పేజీ. పెన్సిల్‌తో (3+4)² = 9+16 = 25. పాతిక చుట్టూ ఎర్ర సిరా సున్నా. పైన ఎడమ వైపు పెద్దక్షరాలతో "24 ఏది?" అంతే. కింద కుడి మూల ఖాళీగా ఉంచు, అక్కడ వీడియో నిడివి వచ్చి కూర్చుంటుంది. పిల్లల అసలు నోట్‌బుక్ వద్దు, నేనే ఎడమ చేత్తో రాసిస్తాను. అచ్చం వాళ్ల రాతలానే వస్తుంది.

మొదటి సెకన్లు: నా ముఖం కనబడదు, చెయ్యీ పేజీ మాత్రమే.

"మూడు ప్లస్ నాలుగు, మొత్తానికి వర్గం. తొమ్మిది ప్లస్ పదహారు, ఇరవై అయిదు. ప్రతి ఏడాదీ మా ట్యూషన్‌లో ఎవరో ఒకరు ఇలాగే రాస్తారు. మరి మూడూ నాలుగూ ఏడు కదా? ఏడేళ్లు నలభై తొమ్మిది. మిగతా ఇరవై నాలుగు ఎవరు మింగారు?"

ఇక్కడ గళ్ల చార్టు బల్ల మీదికి రావాలి. వరసకి ఏడు చొప్పున ఏడు వరసలు. కత్తిరించే చప్పుడు మ్యూజిక్‌తో కప్పెయ్యకు.

"ఈ మూలన తొమ్మిది గళ్లు తీశాను. ఆ మూలన పదహారు తీశాను. చూడండి, రెండు ముక్కలు బల్ల మీదే ఉండిపోయాయి. ఒక్కోదాంట్లో పన్నెండు గళ్లు. పరీక్షలో మీరు పారేస్తున్నది వీటినే. ఈ రెండింటినీ కలిపి 2ab అంటాం."

నా పేరూ పరిచయమూ దీని తర్వాతే, ఒక్క వాక్యం.

వీడియో 2

టైటిల్: అంబేద్కర్ విగ్రహం ఎత్తు దూరం నుంచే కొలిచేద్దాం | 10వ తరగతి త్రికోణమితి

థంబ్‌నెయిల్: విగ్రహం, దాని ముందు కెమెరాకి వీపు పెట్టి నేను, కంటికి స్ట్రా ఆనించి. రెండు పసుపు గీతలు, వాటి మీద 45°, 30°. "దగ్గరికి వెళ్లలేదు!" అని రెండు మాటలు. టైటిల్లో ఉన్నదే మళ్లీ ఇక్కడ రాయకు, ఆ చోటు దండగ.

మొదటి సెకన్లు: "కోణమాని, స్ట్రా, దారం, చివర ఒక గుండీ. నా దగ్గరున్నవి ఇవే. ఇక్కడి నుంచి విగ్రహం తల 45 డిగ్రీల్లో కనిపిస్తోంది. తిన్నగా వెనక్కి 124 అడుగులు నడిచాను, 30 డిగ్రీలకు దిగింది. ఎత్తు చెప్పడానికి ఇవి చాలు."

విగ్రహం 125 అడుగులు, పీఠం 50, మొత్తం 175. 124ని √3−1తో భాగిస్తే 169 దాటుతుంది, నా కంటి ఎత్తు 5 కలిపితే 174 పైచిలుకు. ఇది ఇంట్లో కూర్చుని వేసిన లెక్క. అక్కడ కొలిస్తే తేడా రావచ్చు, వచ్చిన అంకెలే చెప్తాను. తేడా ఎందుకొచ్చిందో చూపిస్తే పాఠం ఇంకా బాగుంటుంది.

వీడియో 3

టైటిల్: 20% పెంచి 20% తగ్గిస్తే పాత ధరే వస్తుందా?

థంబ్‌నెయిల్: చీర మీద ధర చీటీ, 1000 → 1200 → ? జవాబు బయటపెట్టకు.

మొదటి సెకన్లు: "కోఠిలో వెయ్యి రూపాయల చీర. పండక్కి ఇరవై శాతం పెంచి పన్నెండు వందలు చేశాడు. పండగయ్యాక ఇరవై శాతం తగ్గింపు బోర్డు పెట్టాడు. మళ్లీ వెయ్యేనా? కాదు, తొమ్మిది వందల అరవై! నలభై ఎలా తగ్గింది?"

నువ్వు పంపిన "షాకింగ్ ట్రిక్", "100కి 100 గ్యారంటీ" రెండూ కొట్టేశాను. మార్కులు రాకపోతే ఆ తల్లిదండ్రులు మెట్లెక్కి వచ్చేది మా ఇంటికే.

మొదటి వీడియోకి మాత్రం యూట్యూబ్ స్టూడియోలో మూడు థంబ్‌నెయిల్స్ పెట్టి పోల్చు: నోట్‌బుక్‌ది, కత్తిరించిన చార్టుది, నీకిష్టమైన నా ముఖంది. ఎక్కువసేపు ఏది చూపించిందో దాన్నే అది గెలిపిస్తుంది, క్లిక్కులొక్కటే చూడదు.

విగ్రహం దగ్గరికి పొద్దున ఏడింటికే వెళ్దాం. ఎండెక్కితే ఎన్టీఆర్ మార్గ్ హారన్లలో నా గొంతు వినబడదు. కాలర్ మైక్ ఛార్జ్ చేసుకునిరా, గుండీ దారం నేను తెస్తాను.