షేరు డబ్బు, డిపాజిట్ వాపసు గురించి

సహకార సంఘం సెక్రటరీ గారికి నమస్కారం.

నా సభ్యత్వ నంబరు 1147. ఫిబ్రవరి 12న రాజీనామా ఇచ్చాను, ఏప్రిల్‌లో కమిటీ ఆమోదించిందని మీరే లెటర్ ఇచ్చారు, అయినా షేరు డబ్బు 2,500, నెలకు 2,000 చొప్పున 24 నెలలు కట్టిన ఆర్‌డీ 48,000, దాని వడ్డీ ఇంకా రాలేదు. అప్పు లేదు, ఎవరికీ జామీను లేను. మారతహళ్లి నుంచి రెండు బస్సులు మారి నాలుగుసార్లు వచ్చాను, ప్రతిసారీ కౌంటర్‌లో నా ఫైలు మీద పెన్సిల్‌తో "వచ్చే వారం" అని రాసి పెట్టారు. అది మా పాప కాలేజీ ఫీజు డబ్బండీ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఒరిజినల్ షేరు సర్టిఫికెట్, పాస్‌బుక్ జిరాక్స్, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేశాను. 15 రోజుల్లో బ్యాంకు ఖాతాలో వేయండి, వడ్డీ లెక్క కాగితం కూడా ఇవ్వండి. లేకపోతే కర్ణాటక సహకార సంఘాల చట్టం, 1959లోని సెక్షన్ 70 కింద రిజిస్ట్రార్ దగ్గర కేసు వేస్తాను. ఈ ఉత్తరం అందినట్టు సీలు వేసి ఒక కాపీ ఇవ్వగలరు.

ఇట్లు,
సభ్యత్వ నంబరు 1147, మారతహళ్లి, బెంగళూరు