పాడైన గుడ్ల ట్రేపై కిరాణా దుకాణం యజమానికి ఫిర్యాదు

పాలకొల్లు,
13 మే 2025, మంగళవారం.

కిరాణా దుకాణం యజమాని గారికి,
బస్టాండు రోడ్డు, పాలకొల్లు.

విషయం: 10 మే 2025న బిల్లు నంబరు 1864 మీద కొన్న 30 గుడ్ల ట్రేలో పాడైన గుడ్లు; రూ. 165 వాపసు ఇవ్వడం, అదే సరుకులో మిగిలిన ట్రేల అమ్మకం ఆపడం గురించి.

అయ్యా,

వీధిలో ఎదురుపడితే మిమ్మల్ని ‘నువ్వు’ అనే పిలుస్తాను. ఏడో తరగతిలో నా దగ్గర చదువుకున్నవారిని మరోలా పిలవడం నాకు చేతకాదు. ఇది ఫిర్యాదు కాబట్టి ‘మీరు’ అంటున్నాను. ఆదివారం మీ కౌంటరు దగ్గర నలుగురి ముందు నాకు దక్కని మర్యాద కనీసం ఈ కాగితం మీదైనా ఉండనివ్వండి.

శనివారం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మీ దుకాణంలో ఒక ట్రే గుడ్లు, కిలో కందిపప్పు, పావుకిలో చింతపండు తీసుకున్నాను. గుడ్లకు 165 రూపాయలు. మొత్తం డబ్బు అప్పుడే ఫోనులో కట్టాను, బిల్లు తీసుకున్నాను. సెలవులకు మనవలు వచ్చారు, ఆదివారం కోడిగుడ్ల పులుసు కావాలన్నారు. మీ కుర్రవాడు ట్రే తెచ్చింది దుకాణం లోపలి నుంచి కాదు. గుమ్మం పక్కన, ఐస్‌క్రీం ఫ్రిజ్ వెనక పేర్చిన దొంతరలోంచి, అడుగు నుంచి రెండోది లాగి ఇచ్చాడు. ఆ ఫ్రిజ్ మోటారు గాలి నా కాళ్లకే సెగలా తగిలింది. అప్పుడే అనుమానించాల్సింది, అనుమానించలేదు. అది నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను.

ఆదివారం ఉదయం మా కోడలు పది గుడ్లు ఉడకబెట్టింది. పెంకులు నేను తీశాను. మొదటి రెండూ తొక్క తీసిన అరటిపండ్లలా చక్కగా వచ్చేశాయి. బాగా వస్తున్నాయని మురిసిపోయాను కూడా. తాజా గుడ్డయితే పెంకు పొరను అంటిపెట్టుకుని సగం తెల్లసొనను పీక్కుపోతుంది, సులువుగా ఊడిందంటే గుడ్డుకు వయసు మీరిందనే అర్థం. ముప్ఫై ఏళ్లు సామాన్యశాస్త్రం చెప్పిన నాకు ఆ సంగతి మూడో గుడ్డు దాకా తట్టలేదు. మూడోదానికి వెడల్పు కొన వైపు బొటనవేలు దిగేంత గుంట ఉంది. ఐదోదాని పెంకు పగలగానే వంటిల్లు వదిలి బయటికి రావలసి వచ్చింది. తెల్లసొన బూడిదరంగుకు తిరిగింది, పచ్చసొన చుట్టూ నల్లగా ఉంది. ఆ వాసన ఎలాంటిదో మీ కుర్రవాణ్ని అడగండి, ఆ గుడ్డును మీ కౌంటరు మీదికే తెచ్చాను. పక్కన బెల్లం కొంటున్న పెద్దాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అతను చూశాడు.

ఇంకొక గుడ్డు ఆమ్లెట్టు కోసం గిన్నెలో కొట్టాం. తెల్లసొన నీళ్లలా పరుచుకుంది, పచ్చసొన నిలబడకుండా చితికిపోయింది. పులుసు కోసం అప్పటికే ఉల్లిపాయలు వేగుతున్నాయి, చింతపండు పిసికి ఉంచాం. చివరికి ఆ పులుసులో ములక్కాడలు వేసుకుని తిన్నాం. ఆ గుడ్లు ఎవరమూ నోట పెట్టలేదు, ఎవరికీ ఒంట్లో నలత చేయలేదు. జరగనిది జరిగిందని రాయను.

మిగిలిన 19 గుడ్లను వెడల్పాటి స్టీలు బేసినులో చన్నీళ్లు పోసి వేశాను. నాలుగు అడుగున పక్కకు ఒరిగి పడుకున్నాయి. తొమ్మిది సన్నకొన కిందికి పెట్టి నిటారుగా నిలబడ్డాయి. ఆరు పైకి తేలాయి. తేలినవాటిలో ఒకదాన్ని చెవి దగ్గర ఊపితే కొబ్బరికాయలో నీళ్లు ఆడినట్టు లోపల కదిలింది. మా పెద్ద మనవడు ఫోనులో ఫొటోలు తీశాడు, ప్రింటు ఈ ఉత్తరంతో జతచేశాను.

ఇక మీ దుకాణంలో నాకు వచ్చిన జవాబుల సంగతి. నిజానికి ఈ ఉత్తరం రాయిస్తున్నది గుడ్ల కంటే ఆ జవాబులే. మీ కుర్రవాడు, “అందరికీ బాగానే ఉన్నాయి, మీ ఒక్కరికే పాడయ్యాయా?” అన్నాడు. చిన్నవాడు, వదిలేస్తాను. ఫోనులో మీరు అన్నది వదలలేను: “గుడ్డు లోపల ఏముందో మాకెలా తెలుస్తుంది టీచరుగారూ? ఎండలకు అలాగే అవుతాయి. ఆరు గుడ్లు ఇప్పిస్తాను, తీసుకెళ్లండి.” ఆ ఆరు కూడా అదే దొంతరలోంచి తీయబోయాడు మీ కుర్రవాడు.

లోపల ఏముందో ఎలా తెలుస్తుందని మీరు అడగడమే నాకు వింత. గుడ్డు పెంకుకు కంటికి కనపడని వేల రంధ్రాలు ఉంటాయని, వాటిగుండా లోపలి తేమ, బొగ్గుపులుసు వాయువు రోజురోజుకూ బయటికి పోతాయని, ఆ మేరకు వెడల్పు కొన దగ్గర గాలిగది పెరుగుతుందని, అందుకే పాత గుడ్డు నీళ్లలో తేలుతుందని మీరు నా తరగతిలో గాజు జాడీ ముందు నిలబడి ప్రయోగం చేసి మరీ చెప్పారు. వేడి ఎంత ఎక్కువైతే ఆ పని అంత త్వరగా జరుగుతుంది. మే నెలలో మోటారు సెగ తగిలేచోట గుడ్లు పేర్చి ఎండల మీద నేరం మోపడం కుదరదు. అన్ని గుడ్లనూ నీళ్లలో ముంచి అమ్మమని కూడా అనడం లేదు. తడి చేస్తే పెంకు మీది పైపొర పోయి గుడ్డు ఇంకా త్వరగా పాడవుతుంది. నాకు ఇచ్చిన ట్రేలో రెండు మూడు గుడ్లను తడిగుడ్డతో తుడిచిన చారలు కనపడ్డాయి, అది కూడా మానిపించండి.

మీ నాన్నగారు కౌంటరులో కూర్చునే రోజుల్లో అడిగినవారికి గుడ్డును గుప్పిట్లో పట్టి బల్బుకు ఎదురుగా పెట్టి చూపించేవారు. గాలిగది పెద్దదిగా కనపడితే పక్కన పెట్టేసేవారు. ఇప్పుడు అంత తీరిక లేదంటే సరే. ట్రేలు వచ్చిన రోజే అట్ట మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసుకోవడానికి తీరిక అక్కరలేదు. ముందు వచ్చిన ట్రేను ముందు అమ్మడానికీ అక్కరలేదు. మీరు చేస్తున్నది కొత్త ట్రేలను పాతవాటి మీద పేర్చడం. దొంతర అడుగున ఉన్నవి ఎన్నాళ్ల నాటివో మీకే తెలియదు. నాకు వచ్చిన ట్రేలో నాలుగు గుడ్లు తాజావి, ఆరు తేలేవి ఉన్నాయంటే వేర్వేరు రోజుల గుడ్లు ఒకే ట్రేలో కలిశాయని నా అనుమానం. పగిలినవాటి ఖాళీలు పాత గుడ్లతో నింపుతున్నారా? దీనికి మీ నుంచి సూటి జవాబు కావాలి.

మనం ఉన్నది గుడ్లు దొరకని చోట కూడా కాదు. తణుకు, అనపర్తి, మండపేట చుట్టూ ఉన్నన్ని కోళ్లఫారాలు ఎన్ని చోట్ల ఉన్నాయి? ఉభయ గోదావరి జిల్లాల గుడ్డు ధర రోజూ విడిగా ప్రకటిస్తారు. ఇక్కడి నుంచి లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయే గుడ్లు ఫారానికి ఇంత దగ్గరలో ఉన్న మనకు కుళ్లి రావడం ఏమిటి?

మీ బిల్లు అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేయించారు. మీ కుర్రవాడు దాని మీద వేలు పెట్టి చూపించాడు కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47) చదివించుకోండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. మీరు అచ్చువేయించిన వాక్యం ఆ చట్టం కంటే పెద్దది కాదు. ఆహారపదార్థాలు అమ్మేవారి బిల్లు మీద ఉండవలసిన 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు కూడా మీ బిల్లు మీద నాకు కనపడలేదు.

నేను అడుగుతున్నవి ఇవి. ట్రే పూర్తి ధర 165 రూపాయలు వాపసు ఇవ్వాలి. ఆరు గుడ్లు, పన్నెండు గుడ్లు, మరో ట్రే నాకు వద్దు. ఫ్రిజ్ వెనక ఉన్న దొంతర మొత్తాన్ని ఈ ఉత్తరం అందిన రోజే అమ్మకం నుంచి తీసేయాలి. నా డబ్బు కంటే ఇదే ముఖ్యం, మన వీధిలో బాలింతలు ఉన్నారు, వృద్ధులు ఉన్నారు. తీసేసినవాటిని చవగ్గా హోటళ్లకు తోలడం కూడా తీసేయడం కిందికి రాదు. ఆ ట్రేలు ఎవరి దగ్గర, ఏ తేదీన కొన్నారో రాసి ఇవ్వండి. తప్పు మీకు సరఫరా చేసినవారిదైతే మీరు వారిని అడగవచ్చు, నేను డబ్బు కట్టింది మీకు కాబట్టి నేను మిమ్మల్నే అడుగుతాను.

20వ తేదీ మంగళవారం సాయంత్రం వరకు చూస్తాను. ఆ లోగా జవాబు రాకపోతే మర్నాడు ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. జిల్లా ఆహార భద్రత అధికారికి ఈ ఉత్తరం నకలు ఇస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము లేదు, వకీలును పెట్టుకోవలసిన పనీ లేదు. 165 రూపాయల కోసం ఇంత దూరం వెళ్తారా అని మీకు అనిపించవచ్చు. పింఛను తీసుకునేదాన్ని, నాకు తీరికే ఎక్కువ.

ఫోనులో మాట్లాడుకుందాం అనవద్దు. ఆదివారం ఫోనులో మాట్లాడుకున్నాం. జవాబు కాగితం మీద ఇవ్వండి.

బేసినులో తేలిన ఆరు గుడ్లను పాలిథిన్ సంచిలో కట్టి పెరట్లో గంప కింద ఉంచాను. చూడాలనుకుంటే రెండు రోజుల్లో మీరే రండి. ఆ తర్వాత కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టిస్తాను, ఇంట్లో ఇంతకు మించి భరించలేం.

ఇంకొక మాట. మీ పద్దు పుస్తకంలో గత నెల సరుకుల తాలూకు 1,240 రూపాయలు నా బాకీ ఉంది. అందులోంచి ఈ 165 విరగ్గోసుకోను. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. జూన్ 1న పింఛను పడగానే ఎప్పటిలాగే ఆ బాకీ పూర్తిగా తీరుస్తాను.

ఇట్లు,
మీ పద్దు పుస్తకంలో ‘కాలువగట్టు టీచరుగారు’

జత: బిల్లు నంబరు 1864 నకలు, ఫోను చెల్లింపు రసీదు, ఫొటోలు నాలుగు.
(ఒక ప్రతి మీ కుర్రవాడి చేతికి ఇచ్చి సంతకం తీసుకున్నాను. ఇంకొక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.)