‘ఎవరూ దేనికీ బాధ్యులు కారు’: నీ సమాధానంపై నా పరిశీలన

అమ్మా,

నీ సమాధానం చదివాను. జరిగే ప్రతిదాన్నీ గతమూ ప్రకృతి నియమాలూ కలిసి ముందే తేల్చేస్తాయంటుంది నియతివాదం. ‘నియతివాదం నిజమైతే నైతిక బాధ్యతకు చోటుంటుందా?’ అన్న ప్రశ్నకు నువ్వు తడబడకుండా ఒక పక్షం తీసుకున్నావు, అది నాకు నచ్చింది. కానీ భాష మరీ సాఫీగా ఉంది. వాక్యం వెంట వాక్యం జారిపోతుంటే మధ్యలో ఏం తెగిపోయిందో రాసినవాళ్లకే కనబడదు. ‘కాబట్టి’ అని ఉన్నచోటల్లా ఆగి, పై వాక్యాల నుంచి ఇది నిజంగా వస్తోందా అని చూశాను. ఆధారవాక్యాలు నిజమో కాదో తర్వాతి సంగతి. అవి నిజమనే అనుకుంటే నిగమనం తప్పయ్యే వీలుందా? వీలుంటే ఆ వాదం వాలిడ్ కాదు. ముందు చూడాల్సింది ఇదే.

నీ రెండో పేరాలో అలంకారాలన్నీ తీసేస్తే మిగిలేది ఇది:

1. గతం, ప్రకృతి నియమాలు ఇలా ఉంటే నేను ఈ పని చెయ్యడం తప్పనిసరి.
2. గతం, ప్రకృతి నియమాలు ఇలాగే ఉన్నాయి.
3. కాబట్టి నేను ఈ పని చెయ్యడం అనివార్యం.
4. అనివార్యమైనదానికి ఎవరూ బాధ్యులు కారు.
5. కాబట్టి ఎవరూ దేనికీ బాధ్యులు కారు.

1, 2 నుంచి 3కి దూకినచోటే పట్టు తప్పింది. గుర్తుల్లో రాస్తే బాగా కనబడుతుంది. □ అంటే ‘తప్పనిసరి’, → అంటే ‘అయితే’, ∴ అంటే ‘కాబట్టి’:

```
□(P → Q)
P
∴ □Q
```

మొదటి వరసలో ‘తప్పనిసరి’ ఉన్నది ‘అయితే’ అనే సంబంధం మీద. మూడో వరసకి వచ్చేసరికి అది ఒక్క Q మీదికి వచ్చి కూర్చుంది. ఒకతను గదిలో ఒంటరిగా ఉంటే ఆ గదిలో ఇంకెవరూ లేరన్నది తప్పనిసరి. అతను ఒంటరిగానే ఉన్నాడు. అంతమాత్రాన ఆ గదిలో ఇంకొకరు ఉండడం అసాధ్యమైపోతుందా? తలుపు తోసుకుని ఎవరైనా వచ్చి ఉండొచ్చుగా. ఆధారవాక్యాలు రెండూ నిజమై నిగమనం తప్పింది. నీ వాదం అచ్చంగా ఈ మూసలోనే ఉంది.

దీన్ని బాగుచెయ్యొచ్చు, ఆశ వదులుకోనక్కర్లేదు. నీ మనసులో ఉన్నది, కాగితం మీదికి రానిది, బహుశా ఇది: గతం ఎలా ఉందన్నది ఎవరి చేతిలోనూ లేదు. ప్రకృతి నియమాలూ ఎవరి చేతిలోనూ లేవు. ఆ రెంటినుంచి ఏది పుడుతుందన్నది కూడా ఎవరి చేతిలోనూ లేదు. కాబట్టి నా పని కూడా నా చేతిలో లేదు. 1983లో తత్వవేత్త పీటర్ వాన్ ఇన్‌వాగెన్ వివరంగా నిలబెట్టిన వాదం ఇదే. నువ్వు రాసినదానికంటే ఎంతో బలమైనది. కానీ ఇందులో ఒక కొత్త సూత్రం వచ్చి చేరింది, గమనించు. P మన చేతిలో లేకపోతే, ‘P అయితే Q’ కూడా మన చేతిలో లేకపోతే, Q కూడా మన చేతిలో లేనట్టే. చేతిలో లేనితనం P నుంచి Qకి పాకుతుందని చెప్పే సూత్రం ఇది. నీ సమాధానంలో దాక్కున్న ఆధారవాక్యాల్లో మొదటిది ఇదే, మొత్తం బరువంతా దీని మీదే పడింది.

వినడానికి ఎవరూ కాదనలేని మాటలా ఉంటుంది. 1996లో మెక్కే, జాన్సన్ దీనికి ఎదురుగా ఒక నాణెం పెట్టారు. నా జేబులో నాణెం ఉంది, నేను ఎగరెయ్యలేదు. ‘అది బొమ్మ పడలేదు’ అన్నది నిజం. దాన్ని అబద్ధం చెయ్యడం నా వల్ల కాదు, ఎందుకంటే ఎగరేసినా బొమ్మే పడేలా చెయ్యలేను. ‘అది బొరుసు పడలేదు’ అన్నదీ అంతే. మరి ఈ రెండూ కలిపి చూస్తే? ‘బొమ్మా పడలేదు, బొరుసూ పడలేదు’ అన్నదాన్ని అబద్ధం చెయ్యడం నాకు చిటికెలో పని, ఎగరేస్తే చాలు. విడివిడిగా నా చేతిలో లేనివి, కలిపితే నా చేతిలోకి వచ్చేశాయి. పాకే సూత్రం నిజమైతే ఇలా జరగకూడదు. ఈ దెబ్బ తగిలిందని వాన్ ఇన్‌వాగెన్ తర్వాత ఒప్పుకుని, ‘చేతిలో లేదు’ అన్నదానికి అర్థం మార్చి వాదాన్ని మళ్లీ కట్టాడు. నువ్వు ఈ చరిత్రంతా రాయక్కర్లేదు. ‘నా వాదం ఈ సూత్రం మీద ఆధారపడి ఉంది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు, నువ్వెక్కడ నిలబడ్డావో చదివేవాళ్లకి తెలుస్తుంది.

ఇక 4. ‘అనివార్యమైనదానికి ఎవరూ బాధ్యులు కారు.’ దీన్ని అందరూ ఒప్పుకున్న మాటలా రాసేశావు. ఒప్పుకోని వాళ్లున్నారు. హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1969లో ఇచ్చిన ఉదాహరణ సారం ఇది. ఒకతను తన సొంత కారణాలతో మరొకరికి హాని చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. అతనికి తెలియకుండా ఇంకొకడు కాచుకుని కూర్చున్నాడు. ఇతను వెనక్కి తగ్గే సూచన కనబడితే ఏదో విధంగా జోక్యం చేసుకుని ఆ పని చేయించడానికి సిద్ధంగా ఉన్నాడు. సూచన కనబడలేదు, జోక్యం అవసరం పడలేదు. మరో దారి లేదు నిజమే, అయినా ఇతను బాధ్యుడు కాదని అనగలవా? ఈ ఉదాహరణ పనిచెయ్యదనే వాళ్లూ చాలామందే ఉన్నారు. నువ్వు వాళ్ల పక్షాన ఉంటే ఎందుకో చెప్పు. చెప్పకుండా దాటెయ్యకు.

అసలు ‘అనివార్యం’ అన్న మాటతోనే నీ సమాధానం ఇంత నమ్మకంగా వినబడుతోంది. 3లో దానికి ‘ముందున్న కారణాల వల్ల జరిగింది’ అని అర్థం. 4లో అది ‘నేను వద్దనుకున్నా ఆగేది కాదు’ అన్న అర్థంలో పడితేనే మనం తలూపుతాం. కొండచరియ విరిగి మీద పడడం రెండో రకం. ఆలోచించి రాజీనామా ఇవ్వడం, నియతివాదం నిజమైనా, మొదటి రకమే, ఎందుకంటే వద్దనుకుని ఉంటే ఇచ్చేదాన్ని కాదు. ఒకే మాట, రెండు అర్థాలు, మధ్యలో వంతెన లేదు.

ఇప్పుడు నాలుగో పేరా. నాకు బాగా అసంతృప్తి కలిగింది ఇక్కడే. నియతివాదం నిజమైనా బాధ్యతకు చోటుందనే సమన్వయవాదుల గురించి నువ్వు రాసింది:

‘సమన్వయవాదులు చేతులకి సంకెళ్లు లేకపోతే చాలు, మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టే అంటారు. అలాగైతే మత్తుకి బానిసైనవాడికీ స్వేచ్ఛ ఉన్నట్టే. కార్యకారణ సంబంధాన్నే కాదనే ఈ వాదం శాస్త్రానికి విరుద్ధం.’

మూడు వాక్యాలు. చివరిది పూర్తిగా తలకిందులు. సమన్వయవాదులు కార్యకారణ సంబంధాన్ని కాదనరు, దాన్ని ఒప్పుకునే బాధ్యతకు చోటుందంటారు. హ్యూమ్ ఇంకో అడుగు ముందుకేశాడు. పని మనిషి స్వభావం నుంచి, ఉద్దేశం నుంచి పుట్టకపోతే, ఏ కారణమూ లేకుండా ఊడిపడితే, అప్పుడే దానికి ఆ మనిషిని తప్పుపట్టడానికి ఆధారం ఉండదన్నాడు. అంటే నువ్వు వాళ్ల నెత్తిన పెట్టిన మాట, వాళ్లు ఎవరితో పోట్లాడతారో వాళ్ల మాట.

మొదటి వాక్యం అంత అబద్ధం కాదు గానీ, ప్రత్యర్థుల్లో అతి బలహీనుణ్ణి ఎంచుకుని అందరి పేరూ అతనికి పెట్టావు. రెండో వాక్యం చూస్తే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. మత్తుకి బానిసైనవాడి ఉదాహరణ వాళ్లకి తెలియనిది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ 1971లో దాన్నే తీసుకుని తన సిద్ధాంతం కట్టాడు. మత్తు కావాలన్న కోరిక ఒకటి, ఆ కోరిక తనను నడిపించకూడదన్న కోరిక దాని పైన ఇంకొకటి. పైది ఓడిపోయి కిందిది నడిపిస్తుంటే ఆ మనిషి తన ఇష్టప్రకారం నడవడం లేదు. కాబట్టి సంకెళ్లు లేకపోయినా ఆ బానిసకి స్వేచ్ఛ లేదని వాళ్లే చెబుతారు. నువ్వు ఎక్కుపెట్టిన బాణం ఎదుటివాడి అంబులపొదిలోదే.

ఇదీ గడ్డిబొమ్మ వాదమంటే. గడ్డిబొమ్మను కొట్టినంత మాత్రాన నీ నిగమనం తప్పు కాదు, కానీ నీకు దక్కిందీ ఏమీ లేదు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం రాసే పద్ధతి గుర్తు చేసుకో. ఎదుటివాడు చదివి ‘అవును, నేను చెప్పేది ఇదే’ అనేలా ఉండాలి, ఆ తర్వాతే ఖండన. నేనైతే ఆ పేరాని ఇలా మొదలుపెడతాను:

‘సమన్వయవాదుల దృష్టిలో నియతివాదం నిజమా కాదా అన్నదాన్ని బట్టి బాధ్యత తేలదు. పని మనిషి సొంత ఆలోచన నుంచి, తనదని తాను ఒప్పుకునే కోరిక నుంచి పుట్టిందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. బలవంతం, వ్యసనం లాంటివి బాధ్యతను తగ్గించేది అవి కారణాలైనందుకు కాదు, ఆ సంబంధాన్ని తెంచినందుకు.’

ఇలా నిలబెట్టాక కొట్టడం కష్టమే, కానీ దారి లేకపోలేదు. డెర్క్ పెరెబూమ్ వేసిన ప్రశ్న నీకు సరిగ్గా పనికొస్తుంది. ఒక శాస్త్రవేత్త ఒకరి మెదడులో మార్పులు చేసి, కోరికలూ వాటి పైకోరికలూ అన్నీ చక్కగా కలిసేలా అమర్చాడనుకో. సమన్వయవాది పెట్టిన షరతులన్నీ తీరాయి. అయినా ఆ మనిషిని బాధ్యుణ్ణి చెయ్యడానికి మనసొప్పదు. మరి శాస్త్రవేత్త చేసినదానికీ, గతమూ ప్రకృతి నియమాలూ కలిసి చేసినదానికీ తేడా ఏమిటి? ఇక్కడ వాళ్లు నిజంగా ఇబ్బంది పడతారు.

మూడో పేరాలో లిబెట్ ప్రయోగం ఉంది. చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే మెదడులో సంకేతం మొదలైందనీ, కదపాలనిపించినట్టు మనుషులు చెప్పింది మాత్రం సుమారు 200 మిల్లీసెకన్ల ముందేననీ సరిగ్గానే రాశావు. కానీ ఆ సంకేతమే ‘నిర్ణయం’ అని ఎవరన్నారు? అది తీసుకున్న నిర్ణయం కాకపోవచ్చని, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటడమే కావచ్చని 2012లో షుర్గర్, సహచరులు చూపించారు. పైగా ఏ క్షణంలోనైనా పరవాలేదన్నప్పుడు మణికట్టు ఆడించడం గురించి తేలినది నెలల తరబడి ఆలోచించి చేసే పనులకీ వర్తిస్తుందన్న ఇంకో ఆధారవాక్యం నోరు విప్పకుండా నిలబడి ఉంది. వీటన్నిటికంటే ముందు, ఆ ప్రయోగానికీ నియతివాదానికీ సంబంధమే లేదు. నియతివాదం అబద్ధమైనా లిబెట్ ఫలితాలు అలాగే రావచ్చు. ప్రశ్న అడిగింది అది కాదు.

చివరి వాక్యం: ‘కాబట్టి శిక్షలన్నీ అన్యాయం, రద్దు చెయ్యాలి.’ ఇందులో రెండు గంతులు. ప్రశ్నలో ‘నిజమైతే’ అని ఉంది, నీ ముగింపులో ఆ ‘అయితే’ మాయమైంది. రెండోది, తప్పుకి తగిన ఫలంగా తప్ప శిక్షకి మరో సమర్థన లేదని అనుకుంటేనే ఈ నిగమనం వస్తుంది. బెంథమ్‌లా ముందుముందు జరిగే హానిని ఆపడానికే శిక్ష అనేవాళ్లని ఇది తాకనే తాకదు. ‘శిక్షను ప్రతీకారంగా సమర్థించలేం’ అని రాస్తే నీ వాదం మొయ్యగలిగినంత బరువే ఎత్తినట్టవుతుంది.

ముందు రెండో పేరాని అంకెలు వేసి తిరగరాయి, దాక్కున్న రెండు సూత్రాలనీ బయటికి తెచ్చి పెట్టు. లిబెట్ పేరా మొత్తం తీసెయ్యి, ఆ జాగా పెరెబూమ్‌కి ఇవ్వు. తిరగరాసింది పంపేటప్పుడు పాతది కూడా జత చెయ్యి, పక్కపక్కన పెట్టి చూస్తాను.