సింగ్‌నగర్ వీధి సభలో ఒక కార్పొరేటర్ అభ్యర్థి ప్రసంగం

అమ్మలూ, అక్కలూ, బాబాయిలూ, అందరికీ నమస్కారం. ‘ప్రగతికి పట్టం కట్టండి’ అని మైకు ఆటో పొద్దున్నుంచీ చెప్తూనే ఉంది. నేను మన లైను సంగతి మాట్లాడి వెళ్తాను.

ముందు కాలువ. ఏటా జరిగేది మీకు తెలుసు. వానలు మొదలయ్యాక పూడిక తీస్తారు. తీసిన సిల్టు కాలువ పక్కనే కుప్ప పోస్తారు. రాత్రి వాన పడితే తెల్లారేసరికి అదంతా మళ్లీ కాలువలోనే ఉంటుంది. నేను గెలిస్తే, ఏటా మే 31 లోపు ఈ డివిజన్‌లో ప్రతి సైడు కాలువ పూడిక తీయిస్తాను. సిల్టు రెండు రోజుల్లో ట్రాక్టరు ఎక్కాలి. ఎక్కకపోతే ఫొటోలతో కౌన్సిల్ మీటింగులో లేచి, ఆ బిల్లు ఆపమని అడుగుతాను. ఆపే అధికారం నాకుండదు, కానీ నేను అడిగిందీ, వాళ్లు చెప్పిందీ మీకు తెచ్చి చెప్తాను.

ఇంకోటి ఉంది. ఇది చెప్తే ఓట్లు పోతాయి, వద్దని మావాళ్లు అన్నారు. కాలువ మీద మనం కట్టుకున్న ర్యాంపుల కింద పార కూడా దూరదు. ఎవరి దారీ మూసేయమనను. కావలసినప్పుడు పైకి లేపే పలకలు వేసుకుందాం. మొదట పగలగొట్టేది మా మామగారు కట్టించిన ర్యాంపే. ఆయనకి ఇంకా చెప్పలేదు, ఇప్పుడు వింటున్నారు.

బుడమేరు వెడల్పు చేయిస్తానని మాత్రం అనను. అది ఇరిగేషన్ వాళ్ల పని, ప్రభుత్వం తలచుకోవాలి. నా చేతిలో ఉన్నది చెప్తాను. 2024 సెప్టెంబరులో నీళ్లొచ్చినప్పుడు ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్లున్నారో, ఎవరు నిండు నెలలతో ఉన్నారో పడవ వాళ్లకి చెప్పే మనిషే లేడు. ఏటా జూన్‌లో ఇల్లిల్లూ తిరిగి ఆ జాబితా రాయిస్తాను. ఒక కాపీ సచివాలయంలో ఉంటుంది, ఒకటి లైనుకొకరి దగ్గర ఉంటుంది.

కుళాయి పైపులు కొన్నిళ్లకి కాలువలోంచే పోతున్నాయి. పైపు చిల్లు పడితే మురుగు బిందెలోకొస్తుంది. అలాంటి ఇళ్ల లెక్క మూడు నెలల్లో తీసి ఇంజినీర్లకిస్తాను. మన డివిజన్‌కి ఏ నిధులొచ్చినా ముందు ఈ పైపులకే అడుగుతాను. ఆర్చీలూ, పేర్లు చెక్కిన రాళ్లూ ఇప్పుడు వద్దు.

వీధి లైటు పోతే నాకు ఫోన్ చేయండి, వెలిగేదాకా వెంటపడతాను.

పింఛనూ, రేషన్ కార్డూ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, నా పేరు చెప్పినా సరే. అర్హత ఉంటే సచివాలయానికి నేనే తోడొస్తాను.

నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున పదింటికి, ఈ వేపచెట్టు కిందే కూర్చుంటాను. ఏ పని అయిందో, ఏది కాలేదో కాగితం మీద రాసి ఇక్కడే అంటిస్తాను.

ఇక మీరు అడగండి. వెనకాల చెయ్యెత్తిన పెద్దమ్మకి ముందు మైకు ఇవ్వరా తమ్ముడూ.